జీతం పొరపాటున ఎక్కువ పడింది, ఇప్పుడు మొత్తం ఒకేసారి కోస్తామంటున్నారు

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక కంపెనీ సపోర్ట్ టీమ్‌లో పనిచేస్తున్నాను. జూలై 31 దాకా నైట్ షిఫ్ట్, ఆగస్టు 1 నుంచి డే షిఫ్ట్. నైట్ షిఫ్ట్ అలవెన్స్ నెలకు 15,000, అదే నెల జీతంతో ఇస్తారు. షిఫ్ట్ మారాక అది ఆగాలి, కానీ నవంబర్ వరకు పడుతూనే ఉంది. జీతంలో తేడా రాలేదు కాబట్టి నేనూ గమనించలేదు, డబ్బు ఖర్చయిపోయింది. ఇప్పుడు పేరోల్ నుంచి మెయిల్ వచ్చింది: జూలై నుంచి నవంబర్ వరకు 75,000 ఎక్కువ ఇచ్చాం, డిసెంబర్ జీతంలో పట్టుకుంటాం అని. అలవెన్స్ కాకుండా నా గ్రాస్ 1,15,000. కొత్త పన్ను విధానంలో ఉన్నాను. పీఎఫ్ 1,800. ఇంటి లోన్ ఈఎంఐ 38,000, ఐదో తారీఖున కట్ అవుతుంది. జనవరిలో బాబు స్కూల్ ఫీజు ఉంది. సుప్రీంకోర్టు తీర్పు ఉంది, తిరిగి ఇవ్వక్కర్లేదు అని మా టీమ్‌లో ఒకరు అంటున్నారు. నెలకు 7,500 చొప్పున పది నెలలు అడగొచ్చా? ఏమని రాయాలి?
— ఒక పాఠకురాలు, మియాపూర్

సమాధానం: ముందు ఆ తీర్పు సంగతి తేల్చేద్దాం. మీ సహోద్యోగి చెబుతున్నది బహుశా 2014 డిసెంబర్‌లో వచ్చిన రఫీక్ మసీ కేసు తీర్పు. అది పంజాబ్ ప్రభుత్వ ఉద్యోగుల విషయం. కింది స్థాయి ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, ఏడాదిలో రిటైర్ కాబోయేవాళ్లు, ఐదేళ్లకు పైగా అదనంగా తీసుకుంటూ వచ్చినవాళ్లు, ఇలాంటి కొన్ని సందర్భాల్లో ప్రభుత్వం వసూలు చేయకూడదని కోర్టు చెప్పింది. ప్రైవేటు కంపెనీలో నాలుగు నెలలు పొరపాటున పడిన అలవెన్స్‌కి దాన్ని అడ్డం పెట్టుకోలేం. పొరపాటున చేతికొచ్చిన డబ్బు తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. పైగా మీరు ఆ తీర్పు పేరెత్తితే, వాయిదాలకు ఒప్పుకునే పేరోల్ వాళ్లు కూడా లీగల్ టీమ్‌ని పిలుస్తారు. దాన్ని పక్కన పెట్టండి.

ఇవ్వాలి అన్నది సరే. ఎంత ఇవ్వాలి అన్నది మాత్రం వాళ్లు చెప్పినంత కాదు. జూలై అంతా మీరు నైట్ షిఫ్ట్ చేశారు, ఆ నెల అలవెన్స్ జూలై జీతంతోనే వచ్చింది, అది మీ కష్టార్జితం. అదనంగా పడింది ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, అంటే 60,000. పేరోల్‌లో ఈ పొరపాటు మామూలుగా ఇలా జరుగుతుంది: సిస్టంలో షిఫ్ట్ మార్పు తేదీని ఎవరో ఇప్పుడు, ఆలస్యంగా, ఎక్కిస్తారు. జూలై నెల ఇన్‌పుట్స్ 20వ తారీఖుకో 25కో లాక్ అయిపోతాయి కాబట్టి, తేదీని ఒక జీతం సైకిల్ వెనక్కి జరిపి వేస్తే జూలై కూడా కోతలోకి వచ్చేస్తుంది. కావాలని చేసేది కాదు, కానీ అడక్కపోతే ఎవరూ సరిచేయరు. మీ జూలై హాజరు రిపోర్టు, షిఫ్ట్ మార్పు గురించి మేనేజర్ పంపిన మెయిల్, ఈ రెండూ చాలు. మీలాంటి సమస్య ఉన్న మిగతావాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. కొన్ని కంపెనీల్లో ఈ నెల షిఫ్ట్ అలవెన్స్ వచ్చే నెల జీతంతో ఇస్తారు. అక్కడైతే ఆగస్టులో పడింది జూలై డబ్బు, అది అదనం కాదు.

ఇంకో అత్యవసర పని ఉంది. డిసెంబర్‌లో కూడా ఆ 15,000 పడకుండా ఆపించండి. రికవరీ చూసే మనిషి వేరు, ఉద్యోగుల జీతం వివరాలుండే మాస్టర్‌లో అలవెన్స్ తీసేసే మనిషి వేరు అయితే, ఒక పక్క కోస్తూ ఇంకో పక్క మళ్లీ వేస్తారు. నేను పేరోల్‌లో ఉన్న రోజుల్లో ఇది కళ్లారా చూశాను. ఆ తర్వాత లెక్క ఎవరికీ అంతుపట్టదు.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని చోటికి వద్దాం. 60,000 అదనంగా పడిందన్నది గ్రాస్ లెక్క. మీ ఖాతాలోకి అంత రాలేదు.

మీ అంకెలతోనే చూద్దాం. 2025-26లో కొత్త విధానం రేట్ల ప్రకారం, ఏడాదంతా అలవెన్స్‌తో కలిపి నెలకు 1,30,000 వస్తుందని సిస్టం అనుకుంది. ఆ లెక్కన ఏడాది పన్ను 1,06,860, నెలకు 8,905 టీడీఎస్. ఆగస్టులో అలవెన్స్ సరిగ్గా ఆగిపోయి ఉంటే, అక్కడినుంచి నెలకు 6,565 మాత్రమే కోసేవాళ్లు. అంటే ఆ 15,000లో ప్రతి నెలా 2,340 పన్నుగా పోయింది, మీకు నికరంగా దక్కింది 12,660. నాలుగు నెలలకు మీ చేతికి వచ్చింది 50,640. మిగతా 9,360 మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకు చేరింది. మీ పీఎఫ్ 1,800 దగ్గర ఆగిపోయింది కాబట్టి దాని మీద ఏ ప్రభావమూ లేదు. వృత్తి పన్ను 200 ఎలాగూ మారదు.

మరి 60,000 ఎందుకు ఇవ్వాలి అని మీకు అనిపిస్తుంది. జీతంలోంచి సరైన పద్ధతిలో కోస్తే ఆ 9,360 మీకు తిరిగి వచ్చేస్తుంది. రికవరీని జీతం స్లిప్‌లో ఆదాయాల వైపు, అంటే బేసిక్, హెచ్‌ఆర్‌ఏ ఉండే ఎడమ పక్క, మైనస్ అంకెగా చూపించాలి. అప్పుడు మీ ఏడాది గ్రాస్ 14,40,000కి దిగుతుంది. దాని మీద పన్ను 88,140. నవంబర్ వరకు మీ దగ్గర 71,240 కోసేశారు కాబట్టి, మిగిలింది 16,900. డిసెంబర్ నుంచి మార్చి దాకా నాలుగు నెలలకు పంచితే నెలకు 4,225. మామూలు 6,565తో పోలిస్తే నెలకు 2,340 తక్కువ. నాలుగు నెలల్లో 9,360 మీకు సర్దుబాటు అయిపోతుంది.

అలా కాకుండా, పీఎఫ్, టీడీఎస్ ఉండే కుడి పక్క కోతల్లో "రికవరీ" అని ఒక లైను వేశారనుకోండి, జీతం అడ్వాన్స్ కోసినట్టు. అప్పుడు పన్ను లెక్కలో మీ గ్రాస్ 15,00,000గానే ఉండిపోతుంది. టీడీఎస్ 6,565 దగ్గరే ఉంటుంది. తిరిగి ఇచ్చేసిన డబ్బు మీద మీరు 9,360 పన్ను కట్టినట్టు అవుతుంది. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో కోత లైను వేయడం తేలిక, ఆదాయం వెనక్కి తీయడం కాస్త పని. అందుకే తొందరలో ఉన్నవాళ్లు కోత లైనే వేస్తారు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో కుడి పక్క కనిపించినా పన్నుకు ముందే తగ్గించే ఏర్పాటు ఉంటుంది. కాబట్టి స్లిప్ ఒక్కటే చూసి కంగారు పడకండి. పోర్టల్‌లో పన్ను లెక్క షీట్ తెరిచి ఏడాది గ్రాస్ ఎంతుందో చూడండి.

ఒక చిన్న తేడా రావచ్చు. రాబోయే నెలల్లో కోయబోయే వాయిదాలను సాఫ్ట్‌వేర్ ముందే లెక్కలోకి తీసుకోకపోతే, డిసెంబర్ టీడీఎస్ 4,225 కాకుండా 6,000 దగ్గర్లో పడుతుంది. ఒక్కో వాయిదా పడేకొద్దీ అది తగ్గుతూ మార్చికల్లా మొత్తం సరిపోతుంది. అది తప్పు కాదు.

మీరు అడిగిన పది నెలలు వద్దంటాను, ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. డిసెంబర్ నుంచి పది వాయిదాలంటే సెప్టెంబర్ దాకా వెళ్తుంది. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం మూసుకుంటుంది. అప్పటికి మీ జీతంలోంచి కోయని డబ్బు ఈ ఏడాది మీ ఆదాయంగానే ఫారం 16లో ఎక్కుతుంది, దాని మీద పన్ను ఈ ఏడాదే పోతుంది. ఏప్రిల్ నుంచి కోసేదాన్ని వచ్చే ఏడాది ఆదాయంలోంచి తగ్గించమని అడగాలి. కొన్ని కంపెనీలు చేస్తాయి. చాలా పేరోల్ టీమ్‌లు "పాత ఏడాది సంగతి, మేం ముట్టుకోం" అని కుడి పక్క కోతగా వేసేస్తాయి. మీ అసలు అవసరం నెలవారీ భారం తగ్గడమే కదా, దానికి నాలుగు నెలలు సరిపోతాయి. ఎలా పంచుకోవాలన్నదే చూడాలి.

వాళ్లు అన్నట్టు 75,000 డిసెంబర్‌లో కోస్తే మీ చేతికి 34,000 చుట్టుపక్కల వస్తుంది. ఈఎంఐకే చాలదు. బౌన్స్ అయితే బ్యాంకు చార్జీలు, క్రెడిట్ స్కోర్ మీద మచ్చ. నాలుగు సమాన వాయిదాలైతే నెలకు 15,000. టీడీఎస్ తగ్గడంతో చేతికి 93,775 వస్తుంది. అలవెన్స్ లేని మీ మామూలు నికర జీతం 1,06,435, దానికంటే 12,660 తక్కువ. కానీ జనవరిలో ఫీజు ఉందన్నారు. అందుకని సమానంగా కాకుండా డిసెంబర్‌లో 15,000, జనవరిలో 5,000, ఫిబ్రవరి, మార్చిల్లో 20,000 చొప్పున అడగండి. మొత్తం 60,000. టీడీఎస్ 4,225 చొప్పున ఉంటే జనవరిలో చేతికి 1,03,775, ఫిబ్రవరి, మార్చిల్లో 88,775 వస్తాయి. వాయిదాలన్నీ సమానంగా ఉండాలని రూలేమీ లేదు. పేరోల్ వాళ్లకు కావలసింది ఏ నెల ఎంత అన్న స్పష్టమైన అంకె, మార్చిలోపు పూర్తవుతుందన్న భరోసా.

చట్టం కూడా ఇక్కడ మీకు కొంత అండ. 2019 వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అదనంగా ఇచ్చిన జీతాన్ని సర్దుబాటు చేసుకోవడానికి దాని 18వ సెక్షన్ యజమానికి అనుమతి ఇస్తుంది. కానీ అదే సెక్షన్, ఒక నెలలో అన్ని రకాల కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదని కూడా అంటుంది. ఆ సగంలో టీడీఎస్, పీఎఫ్ కూడా ఉంటాయి. మీ గ్రాస్ మొత్తాన్నీ వేతనంగా తీసుకున్నా సగం 57,500. 60,000 ఒక్కటే దాన్ని దాటిపోతుంది, 75,000 సంగతి చెప్పక్కర్లేదు. కోడ్‌లో వేతనం అంటే హెచ్‌ఆర్‌ఏ లాంటివి కొన్ని తీసేసి లెక్కిస్తారు కాబట్టి అసలు పరిమితి ఇంకా తక్కువే ఉండొచ్చు. అయినా ఆ వేతనం గ్రాస్‌లో సగానికి తగ్గదు. అంటే ఎంత తక్కువగా లెక్కేసినా నెల కోతల పరిమితి 28,750 ఉంటుంది. మీరు అడిగే 20,000కి పన్ను, పీఎఫ్, వృత్తి పన్ను కలిపితే 26,225. కాబట్టి ఈ వాయిదాలు ఏ లెక్కలో చూసినా పరిమితిలోపే ఉంటాయి. ఈ వాదన మెయిల్లో ఒక్క వాక్యంలో పెట్టండి, బెదిరింపులా కాకుండా.

మెయిల్ పేరోల్ చిరునామాకు, హెచ్‌ఆర్‌కి కాపీతో పంపండి. మేనేజర్‌ని కూడా కాపీలో పెట్టమనే నా సలహా, ఎందుకంటే షిఫ్ట్ మారిన తేదీని ధ్రువీకరించాల్సింది ఆయనే. ఫోన్‌లో మాట్లాడినా సరే, ఆ తర్వాత రాతలో పెట్టండి. డిసెంబర్ ఇన్‌పుట్స్ లాక్ అయ్యే తేదీ కనుక్కుని దానికి కనీసం నాలుగు రోజుల ముందు వెళ్లాలి. లాక్ అయ్యాక మీది న్యాయమైన కోరికే అయినా జనవరిలో చూద్దాం అంటారు, ఈలోగా కోత పడిపోతుంది. మీరు ఎలాగూ ఇంగ్లిష్‌లోనే పంపుతారు, నేను విషయం తెలుగులో ఇస్తున్నాను:

"నమస్కారం. నైట్ షిఫ్ట్ అలవెన్స్ రికవరీ గురించి మీరు పంపిన మెయిల్‌కు జవాబు ఇది. నేను ఆగస్టు 1 నుంచి డే షిఫ్ట్‌కు మారాను. ఆగస్టు నుంచి నవంబర్ వరకు నెలకు 15,000 చొప్పున మొత్తం 60,000 నాకు అదనంగా వచ్చిందని ఒప్పుకుంటున్నాను. జూలైలో నెలంతా నైట్ షిఫ్ట్ చేశాను. హాజరు రిపోర్టు, షిఫ్ట్ మార్పు మెయిల్ జతచేస్తున్నాను. దయచేసి రికవరీ మొత్తాన్ని 60,000గా సరిచేయండి. డిసెంబర్ నుంచి ఈ అలవెన్స్ నా జీతంలో లేకుండా చూడండి.

ఒకే నెలలో మొత్తం కోస్తే మిగతా కోతలతో కలిపి నా వేతనంలో సగం దాటిపోతుంది, ఇంటి లోన్ వాయిదా కట్టలేను. అందువల్ల డిసెంబర్‌లో 15,000, జనవరిలో 5,000, ఫిబ్రవరిలో 20,000, మార్చిలో 20,000 చొప్పున కోయమని కోరుతున్నాను. ఈ ఆర్థిక సంవత్సరంలోనే మొత్తం పూర్తవుతుంది. ఈ మొత్తాన్ని నైట్ షిఫ్ట్ అలవెన్స్‌లో మైనస్‌గా చూపించి, పన్ను లెక్కలో గ్రాస్ తగ్గేలా చేయండి. మధ్యలో నేను ఉద్యోగం మానేస్తే మిగిలిన మొత్తాన్ని ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో సర్దుకోవచ్చు. ఈ వాయిదాలకు మీ అంగీకారం, వడ్డీ ఏమీ ఉండదన్న మాట ఈ మెయిల్‌కు జవాబుగా ఇవ్వండి."

ఇందులో ఉద్యోగం మానేస్తే అన్న వాక్యం మీకు ఇబ్బందిగా అనిపించొచ్చు. ఉంచండి. వాయిదాలకు పేరోల్ వెనకాడేది ఆ భయంతోనే, మనిషి ఫిబ్రవరిలో వెళ్లిపోతే ఎలా అని. అది ముందే తీర్చేస్తే ఒప్పుకోవడం తేలికవుతుంది. గమనించలేదు, ఖర్చయిపోయింది అన్న వివరణ మాత్రం రాయక్కర్లేదు. తప్పు మీది కాదు, సంజాయిషీ ఎవరూ అడగనూ లేదు.

వాళ్లు జవాబుగా సంతకం పెట్టమని ఒక అంగీకార పత్రం పంపొచ్చు. అందులో అంకె 60,000 ఉందా, నెలల వారీ పట్టిక ఉందా చూసుకోండి. "కంపెనీకి రావలసిన ఏ మొత్తాన్నైనా ఎప్పుడైనా జీతంలోంచి కోసుకోవచ్చు" లాంటి వాక్యం ఉంటే, దాని బదులు ఈ 60,000కే పరిమితమయ్యేలా మార్చమనండి. అది మార్చడానికి ఎవరూ పేచీ పెట్టరు, ఎక్కువసార్లు అది పాత ఫార్మాట్‌లోంచి వచ్చిన వాక్యమే.

జీతంలోంచి వద్దు, బ్యాంకు ద్వారా తిరిగి పంపండి అని పేరోల్ వాళ్లు అంటే కాస్త ఆగండి. మీరు 60,000 పంపి, వాళ్లు పేరోల్‌లో ఆదాయం వెనక్కి తీయకపోతే ఆ పన్ను తేడా మీ మీదే పడుతుంది. అప్పుడు ఒక మాట అడగండి: ఈ నెల పేరోల్‌లో 60,000 ఆదాయం తగ్గించి టీడీఎస్ మళ్లీ లెక్కిస్తున్నారా, లేదా? తగ్గిస్తామంటే పూర్తి మొత్తం పంపొచ్చు, పన్ను మీకు నెలల్లో సర్దుబాటు అవుతుంది. లేదంటే మీ చేతికి నిజంగా వచ్చిన 50,640 దగ్గరే మాట్లాడండి. ఏదైనా కంపెనీ ఖాతాకే పంపాలి, రసీదు తీసుకోవాలి. ఎవరి వ్యక్తిగత యూపీఐకీ పంపకండి.

అసలు జవాబే రాకపోతే లాక్ తేదీకి రెండు రోజుల ముందు అదే మెయిల్‌ను హెచ్‌ఆర్ హెడ్‌కి ఫార్వర్డ్ చేయండి, కొత్తగా ఏమీ రాయకుండా. అప్పటికీ మొత్తం కోసేస్తే, సగం పరిమితి దాటినంత డబ్బు వచ్చే జీతం దాకా ఆగకుండా వెంటనే ఆఫ్‌సైకిల్ చెల్లింపుగా తిరిగి వేయమని అడిగే హక్కు మీకుంది. కార్మిక శాఖ దాకా వెళ్లొచ్చు గానీ, ఇంత స్పష్టమైన అంకెలతో రాసిన మెయిల్‌కి అంతవరకు వెళ్లాల్సిన అవసరం రావడం అరుదు.

డిసెంబర్ స్లిప్ రాగానే మూడు అంకెలు చూడండి: నైట్ షిఫ్ట్ అలవెన్స్ దగ్గర మైనస్ 15,000, టీడీఎస్ 6,565 కంటే తగ్గిందా, పన్ను షీట్‌లో ఏడాది గ్రాస్. ఆ గ్రాస్ ఒక్కో వాయిదాతో దిగుతూ మార్చి స్లిప్‌కి 14,40,000 దగ్గర ఆగాలి. జూన్ మధ్యలో ఫారం 16 వస్తుంది. అందులో 15,00,000 ఉంటే రిటర్న్ వేయకముందే పేరోల్‌కి మెయిల్ పెట్టి సవరించిన ఫారం 16 అడగండి. మీ మార్చి స్లిప్, వాయిదాలకు వాళ్లిచ్చిన అంగీకారం జతచేస్తే చాలు.